75కి 19: మ్యాథ్స్ 1ఎ తప్పిన విద్యార్థినికి ట్యూటర్ రాసిన ఉత్తరం, దాని వెనకున్న లెక్క

విద్యార్థిని తెలంగాణలో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదివింది. మిగతా సబ్జెక్టులన్నీ పాసై, మ్యాథ్స్ 1ఎ ఒక్కటే పోయింది. 75కి 19 వచ్చాయి. పాసు మార్కు 26. ఫలితాలకూ సప్లిమెంటరీకీ మధ్య ఉన్నది దాదాపు నెల. లెక్కలు చెప్పే ట్యూటర్ ఆ అమ్మాయికి ఒక ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం ఎలా తయారైంది, అందులో ఏ మాట ఎందుకుంది, సప్లిమెంటరీ దాకా మిగిలిన 26 రోజుల్లో ఏం జరిగింది అన్నది ఈ కేసు.

ఉత్తరం కన్నా ముందు జరిగిన పని ఒకటుంది. అది లేకపోతే ఉత్తరంలో రాయడానికి "బాధపడకు, బాగా చదువు" తప్ప ఏమీ మిగలదు.

ముందు పేపర్ మళ్లీ రాయించడం

మార్కుల మెమోలో 19 అన్న అంకె మాత్రమే ఉంటుంది. ఎక్కడ పోయాయో ఉండదు. బోర్డుకు డబ్బు కట్టి జవాబు పత్రం కాపీ తెప్పించుకోవచ్చు కానీ, అది చేతికొచ్చేదాకా కూర్చుంటే ఉన్న నెలలో సగం కరిగిపోతుంది. అందుకని ఫలితాలొచ్చిన మూడో రోజున అదే ప్రశ్నపత్రాన్ని పుస్తకాలేవీ లేకుండా మూడు గంటలు కూర్చోబెట్టి మళ్లీ రాయించారు. ఒకసారి చూసిన పేపరే కదా, ఎక్కువ రావా అనిపిస్తుంది. రెండే పెరిగాయి, 21 వచ్చాయి. పరీక్ష తర్వాత ఆ లెక్కల్ని ఆమె తెరిచి చూడలేదని, చూసినా చేతికి రాలేదని దీంతోనే తెలిసింది.

1ఎ పేపర్లో సెక్షన్ ఎ అంటే పది రెండు మార్కుల ప్రశ్నలు, అన్నీ రాయాలి. సెక్షన్ బి నాలుగు మార్కులవి, ఏడింటిలో ఐదు. సెక్షన్ సి ఏడు మార్కులవి, ఏడింటిలో ఐదు. దిద్దాక ఎలో 10, బిలో 5, సిలో 6 వచ్చాయి. పోయినవి 54. దిద్దడం ఇక్కడితో ఆపకుండా ఆ 54ను మూడు కుప్పలు చేశారు. అసలు ముట్టుకోని ప్రశ్నలవి 18 మార్కులు. పద్ధతి సరిగ్గానే నడిచి ప్లస్సు మైనస్సుల దగ్గరో, అంకె ఎక్కించే దగ్గరో పోయినవి 6. మొదటి రెండు మూడు లైన్లు రాసి, అక్కడ ఆగిపోయినవి లేదా ఇంకో లెక్క దారిలోకి వెళ్లిపోయినవి 30.

రోగం ఆ 30లోనే కనిపించింది. సబ్జెక్టు బొత్తిగా రానివాళ్ల పేపర్లో ఖాళీలు ఎక్కువుంటాయి. కంగారు మనుషుల పేపర్లో చిన్న తప్పులు ఎక్కువుంటాయి. మొదలుపెట్టి మధ్యలో నిలిచిపోయిన లెక్కలు ఎక్కువున్నాయంటే, చూసి రాసి నేర్చుకున్న చెయ్యి అది. ఎలా చదివావని అడిగితే నోట్సు తెచ్చి చూపించింది. ఒక్కో లెక్కను గైడు పక్కన పెట్టుకుని మూడేసి సార్లు, గీతలు గీసి, అందంగా ఎక్కించింది. పరీక్షలో టైం సరిపోలేదా అంటే చివరి అరగంట ఊరికే కూర్చున్నానంది. ఆ మాటతో వేగం పెంచే ఆలోచన పక్కకు పోయింది. టైం మిగిలి కూడా ఖాళీలున్నాయంటే, రాయడం ఆలస్యమై కాదు, గుర్తుకు రాక.

ఉత్తరం

మాట్లాడకుండా రాయడం ఎందుకంటే, ఫెయిలైన వారంలో ఇంట్లో అందరూ మాట్లాడుతూనే ఉంటారు. ఆ హోరులో చెప్పింది చెవికెక్కదు. కాగితమైతే రాత్రి ఒంటరిగా ఇంకోసారి తీసి చూసుకోవచ్చు, అమ్మానాన్నలకూ చూపించవచ్చు. ఉత్తరం ఇది:

> అమ్మా,
>
> ముందు ఒక పని. సప్లిమెంటరీ ఫీజు గడువు తక్కువ రోజులే ఉంటుంది. రేపు కాలేజీకి వెళ్లి కట్టేసి, రసీదు ఫొటో పంపు. మిగతాది ఆ తర్వాత చదువు.
>
> నువ్వు మళ్లీ రాసిన పేపర్ దిద్దాను. 21 వచ్చాయి. పాసుకు ఐదు తక్కువ. నీకు లెక్కలు రావని నువ్వు అనుకుంటున్నావు, కానీ నీ పేపర్ అలా చెప్పడం లేదు. క్రామర్ పద్ధతి లెక్కలో Δ సరిగ్గా కట్టావు, Δ₁లో ఒక్క గుర్తు పోయి ఏడుకు నాలుగు దగ్గర ఆగావు. ఇండక్షన్ లెక్కలో n = 1కి సరిచూశావు, k దాకా నిజమనుకున్నావు, తర్వాత లైన్లో పోయింది. నీకు పోయిన 54లో 30 మార్కులు ఇలా మొదలై ఆగిపోయిన లెక్కలవే. మొదలుపెట్టడం వచ్చినదానివి నువ్వు. ముగించడం ఎందుకు రాలేదో కూడా నీ నోట్సులోనే ఉంది.
>
> ఆ నోట్సులో కొట్టివేత ఒక్కటి లేదు. చూసి రాసేటప్పుడు తర్వాతి లైను ఏమిటని నువ్వు ఎప్పుడూ ఆలోచించాల్సిన పని పడలేదు, గైడే చెప్పింది. పరీక్ష అడిగేది మాత్రం ఆ తర్వాతి లైనునే. కష్టం తక్కువ పడ్డావని నేను అనను. మూడుసార్లు రాయడం కష్టమే. ఆ కష్టం వేరే పనికి వెళ్లిపోయింది.
>
> ఇవాళ్టి నుంచి ఇలా చెయ్యి. లెక్క ఒకసారి నిదానంగా చదువు. పుస్తకం మూసి అవతలి గదిలో పెట్టు. తెల్ల కాగితం మీద మొదటి నుంచి రాయి. ఆగిపోతే ఐదు నిమిషాలు అక్కడే కూర్చో. అయినా రాకపోతే వెళ్లి చూడు, కానీ చూశాక ఆ కాగితం పక్కన పడేసి కొత్త కాగితం మీద మళ్లీ మొదటి లైను నుంచి రాయి. ఆగిన చోటు నుంచి అందుకోవద్దు.
>
> మొదటి వారం నీకు ఇది అస్సలు నచ్చదు. ఇదివరకు రోజుకు పదిహేను లెక్కలు అయ్యేవి, ఇప్పుడు మూడు కావు. రాత్రి రాసింది పొద్దున రాదు. అప్పుడు నాకు ఫోన్ చేసి "సార్, ఇంతకుముందే నయం" అంటావు. అనుకున్నట్టే జరుగుతోందని అప్పుడు నేను చెప్తాను.
>
> ఇవాళ ఇండక్షన్లో ఒకటి, మాట్రిసెస్‌లో రెండు. అంతే. ఆ కాగితాలు, కొట్టివేతలతో సహా, శనివారం తీసుకురా. ఫెయిర్ చేయకు.
>
> మీ లెక్కల సార్

ఫీజు మాట ముందు పెట్టడం చాదస్తంలా కనిపించవచ్చు. గడువు దాటితే పద్ధతి ఎంత మంచిదైనా ఉపయోగం లేదు. పైగా ఫెయిలైన పిల్ల చేత మొదటి రోజే చేయించగలిగిన, చేస్తే అయిపోయే పని అదొక్కటే.

మెచ్చుకోలు ఉన్నదల్లా పేపర్లో ఉన్నదాన్ని చూపించిన చోటే ఉంది. "నువ్వు తెలివైనదానివి" అని రాసుంటే 19 మార్కులు పక్కనే కూర్చుని ఆ మాటను వెక్కిరిస్తాయి. Δ సరిగ్గా కట్టావంటే కాదనడానికి లేదు, కాగితం ఎదురుగానే ఉంది. ఇలాంటి ఉత్తరాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఓడి గెలిచిన గొప్పవాళ్ల పేర్లు ఎక్కించడం. పదిహేడేళ్ల పిల్లకు ఆ పేర్లు ఓదార్పు కావు, ఇంకో పోలిక అవుతాయి.

మొదటి వారం చేదుగా ఉంటుందని ముందే చెప్పడం ఈ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చిన పేరా. చూసి రాయడం సాఫీగా సాగుతుంది కాబట్టి వచ్చేసినట్టు అనిపిస్తుంది. మూసి రాయడం ప్రతిచోటా అడ్డం తిరుగుతుంది కాబట్టి రానట్టు అనిపిస్తుంది. రెండూ అబద్ధాలే. 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చదివిన పాఠం మీద దీన్నే కొలిచారు. మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. ఒకసారి చదివి మిగతా సమయమంతా చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు వారం తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. పరీక్ష ఎప్పుడూ వారం తర్వాతి రకమే.

ఒక లెక్క, ఆగిన చోటు

పద్ధతి ఎలా పనిచేసిందో ఆ ఇండక్షన్ లెక్కలో చూడొచ్చు. 1ఎలో తరచూ కనిపించేదే:

1² + (1² + 2²) + (1² + 2² + 3²) + … n పదాల దాకా = n(n+1)²(n+2)/12

ఆమె k పదాల మొత్తం k(k+1)²(k+2)/12 అని రాసి, దానికి (k+1)² కలిపింది. అక్కడి నుంచి ఏం చేసినా జవాబు తేలదు. తేలలేదు కూడా. గైడులోని చివరి లైను గుర్తుంది కాబట్టి మధ్యలో ఖాళీ వదిలి దాన్ని తెచ్చి కింద అతికించింది. ఏడుకు రెండు వచ్చాయి.

ఇక్కడ కలపాల్సింది k+1వ పదం. ఆ పదం (k+1)² కాదు, 1² నుంచి (k+1)² దాకా ఉన్న మొత్తం, అంటే (k+1)(k+2)(2k+3)/6. అది పెడితే (k+1)(k+2)/12 ఉమ్మడిగా బయటికొస్తుంది. లోపల k(k+1) + 2(2k+3) మిగులుతుంది. విప్పితే k² + 5k + 6, అంటే (k+2)(k+3). మొత్తం (k+1)(k+2)²(k+3)/12. సూత్రంలో n స్థానంలో k+1 పెడితే వచ్చేదీ ఇదే.

గైడు చూసి ఈ లెక్కను మూడుసార్లు ఎక్కించిన పిల్లకు, బ్రాకెట్టులో ఉన్నదంతా ఒకే పదమన్న సంగతి ఒక్కసారీ తట్టలేదు. తట్టే అవసరం రాలేదు. మూసి రాసిన రెండోసారికే అక్కడ పెన్ను ఆగింది, అప్పుడు తట్టింది. ఆగిన చోట్లు రాసుకోవడానికి పెట్టుకున్న తప్పుల పుస్తకంలో ఆమె రాసుకున్నది రెండు లైన్లు: "k+1వ పదం దగ్గర ఆగాను. ప్రతి బ్రాకెట్టూ ఒక పదం, చివరి పదమే ఒక మొత్తం." తప్పుల పుస్తకం అంతకన్నా పెరగకూడదు. లెక్క మొత్తం మళ్లీ అందులోకి ఎక్కిందంటే అది ఇంకో ఫెయిర్ నోట్సే. నాలుగో రోజున సరిగ్గా అదే జరిగింది. మూడు రంగుల పెన్నులతో రెండు పేజీలు నిండాయి. ఆ పేజీలు చింపించి, ఒక్కో తప్పుకు రెండు లైన్లు, ఒకటే పెన్ను అని కట్టుబాటు పెట్టారు.

చీటీలు

మూసి రాయడం ఒక్కటే సరిపోదు. పుస్తకంలో అభ్యాసాలు చాప్టర్ల వారీగా ఉంటాయి. పైన శీర్షిక ఉన్నంతసేపు ఏ దారిలో వెళ్లాలో లెక్క చదవకముందే తెలిసిపోతుంది. పరీక్ష పేపర్లో శీర్షిక ఉండదు.

ఆమెకు సున్నా వచ్చిన ఏడు మార్కుల లెక్క ఇలా పోయిందే. A+B+C = 180° అయితే cos 2A + cos 2B + cos 2C విలువ −1 − 4 cos A cos B cos C అని చూపించాలి. ఆమె రాసినది sin 2A + sin 2B + sin 2C లెక్క నడక. సైన్లలో sin(A+B) = sin C, గుర్తు మారదు. కొసైన్లలో cos(A+B) = −cos C, మారుతుంది. రెండూ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి చేసినప్పుడు ఈ తేడా కళ్ల ముందే ఉంటుంది. విడిగా ఎదురైతే చేతికి ఏది అలవాటైతే అదే వస్తుంది.

అందుకే ఐదు చాప్టర్ల నుంచి 60 లెక్కలు ఎంచి, ఒక్కోటి ఒక్కో చీటీ మీద రాయించారు. చాప్టర్ పేరు గానీ, అభ్యాసం నంబరు గానీ వేయనివ్వలేదు. ఫంక్షన్స్, ఇండక్షన్, మాట్రిసెస్, సదిశల సంకలనం, త్రికోణమితిలో ట్రాన్స్‌ఫర్మేషన్స్ దాకా. ఈ ఐదే ఎందుకంటే, పేపర్ అమరిక ప్రకారం సెక్షన్ సి లోని ఏడింటిలో ఐదు ప్రశ్నలు ఈ చాప్టర్ల నుంచే వస్తూ ఉంటాయి. ఒక్క మాట్రిసెస్ నుంచే రెండు. సదిశల సంకలనం నుంచి వచ్చేవి ఎ, బి సెక్షన్లలోనే. సదిశల లబ్ధం, ట్రయాంగిల్స్ ధర్మాలు ఈ 26 రోజులకు వదిలేశారు.

చీటీలకు మూడు స్వీటు డబ్బాలు. రేపటిది, మూడు రోజులకు, వారానికి. కొత్త లెక్క చేసిన రోజున రేపటి డబ్బాలో పడుతుంది. మర్నాడు చూడకుండా చివరిదాకా వస్తే మూడు రోజుల డబ్బాకు, అక్కడా వస్తే వారం డబ్బాకు. ఎక్కడ తప్పినా మళ్లీ రేపటి డబ్బాకే. రోజూ వంతు వచ్చిన చీటీల్ని కలిపి పేకముక్కల్లా వేసి, పైనుంచి వచ్చింది వచ్చినట్టు చేయాలి. రోజుకు మూడు కొత్తవి, ఏడెనిమిది పాతవి. గంటన్నర చొప్పున రెండు పూటలు.

ఇలా కలిపి చేయడం మీద రోరర్, టేలర్ 2007లో చేసిన ప్రయోగం లెక్కల ట్యూటర్లందరూ తెలుసుకోవాల్సింది. నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణాలు కనుక్కోవడం విద్యార్థులకు నేర్పారు. ఒక రకం తర్వాత ఒక రకం చేసినవాళ్లకు సాధనలో 89 శాతం, కలగాపులగంగా చేసినవాళ్లకు 60 శాతం సరిగ్గా వచ్చాయి. వారం తర్వాత పరీక్షలో మొదటివాళ్లకు 20 శాతం, రెండోవాళ్లకు 63 శాతం. సాధనలో మార్కులు చూసి సంబరపడే ట్యూటర్ మొదటి పద్ధతినే ఎంచుకుంటాడు.

ఏం జరిగింది

ఐదో రోజు రాత్రి ఫోన్ వచ్చింది. దాదాపు ఉత్తరంలో ఉన్న మాటలే. ఆ పేరా మళ్లీ చదువుకోమన్నారు, అంతకుమించి మాట్లాడలేదు.

ఆరో రోజుకి అసలు చిక్కు వచ్చింది. తప్పిన చీటీలన్నీ వెనక్కి వచ్చి రేపటి డబ్బాలో పదమూడు పోగయ్యాయి. మూడు కొత్తవీ చేసి, ఆ పదమూడూ చేయబోయి, ఆలస్యమయ్యేసరికి పుస్తకం తెరిచి ఒక్కో లైను తొంగి చూసి దాటించేసింది. శనివారం కాగితాలు చూడగానే తెలిసిపోయింది. నిజంగా మూసి రాసిన కాగితంలో కొట్టివేతలుంటాయి, పెన్ను ఆగిన చోట సిరా చుక్క ఉంటుంది. ఆ రోజువి శుభ్రంగా ఉన్నాయి. తిట్టకుండా నియమం మార్చారు. పాతవి పది దాటిన రోజు కొత్తవి లేవు. దీనివల్ల 60లో 52 చీటీలే పూర్తయ్యాయి. తప్పు ట్యూటర్‌దే అనాలి, డబ్బా ఎంత వేగంగా నిండుతుందో ముందు లెక్క వేయలేదు.

పదో రోజున ఉదయం 9 నుంచి 12 దాకా, సప్లిమెంటరీ జరిగే వేళలోనే, ఒక పాత పేపర్ రాయించారు. 24. ఇంట్లో నిరాశ పడ్డారు. కానీ కుప్పలు మారాయి. ఆగిపోయినవి బాగా తగ్గి, గుర్తుల తప్పులు పెరిగాయి. చివరిదాకా వెళ్లే లెక్కలు ఎక్కువైతే చివర్లో జరిగే తప్పులూ ఎక్కువవుతాయి, అది మంచి లక్షణమే. అప్పటి నుంచి ఒకటే చేర్చారు. మాట్రిసెస్ లెక్క ఏదైనా సరే కోఫాక్టర్ల గుర్తుల పట్టీని, + − + / − + − / + − +, ముందు మార్జిన్‌లో వేసుకున్నాకే మొదలుపెట్టాలి. క్రామర్ లెక్కలో వచ్చిన x, y, z విలువల్ని మొదటి సమీకరణంలో వేసి చూడాలి. అర నిమిషం పని. ఇరవయ్యో రోజు పేపర్లో 37. సప్లిమెంటరీలో 43.

ఎక్కడ పనిచేయదు

మూసి రాసినప్పుడు దారి సరిగ్గా ఉండి, భిన్నాలు కలపడం దగ్గరో, కారణాంకాలు తీయడం దగ్గరో ప్రతిసారీ ఆగుతుంటే అది ఇంటర్ సమస్య కాదు. తొమ్మిది, పది తరగతుల్లో మిగిలిపోయిన పని. పై లెక్కలో k² + 5k + 6ను విడగొట్టలేని పిల్లకు ఎన్ని డబ్బాలు పెట్టినా చీటీలు రేపటి డబ్బాలోనే తిరుగుతుంటాయి. ముందు నాలుగైదు రోజులు అవే చేయించాలి, లక్ష్యం ఐదు చాప్టర్ల నుంచి మూడుకు దించాలి.

తిండి మానేసినా, గదిలోంచి రాకపోయినా, బతకడం అనవసరం అన్న మాట ఏ రూపంలో వచ్చినా అది ఉత్తరం రాసే సమయం కాదు. ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టాలి. 14416 ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. చదువు సంగతి ఆ తర్వాత.

ఈ కేసులో సరిగ్గా కుదరనిది ఇంకొకటుంది. సదిశల లబ్ధాన్ని "ఈ 26 రోజులకు" వదిలేయమన్నారు. ఆమె దాన్ని అసలే అక్కర్లేదన్నట్టు తీసుకుంది. ఎప్‌సెట్ రాసేవాళ్లకు ఆ చాప్టర్ తప్పదు, ఫిజిక్స్‌లో టార్క్ వచ్చినప్పుడల్లా క్రాస్ ప్రొడక్ట్ ఎదురవుతూనే ఉంటుంది. సప్లిమెంటరీ అయ్యాక మిగిలిన ఎనిమిది చీటీలకు ఆ చాప్టర్‌వి పన్నెండు చేర్చి, అవే డబ్బాల్లో రోజుకు ఒకటి చొప్పున మొదలుపెట్టారు.